తినను అంటే తప్పేంటి? చెక్కర్స్‌లో కొట్టి తీరాల్సిందేనా

గడియారం_సెంటర్: ఆదివారం మా బావతో చెక్కర్స్ ఆడాను. చెరి ఐదు కాయలు మిగిలాయి. ఆయన కావాలనే ఒక కాయను నా ముందుకు తోశాడు. ఉచ్చని అర్థమై నేను వేరే కాయ జరపబోతే "కొట్టి తీరాలి, రూల్" అన్నాడు. కొట్టాను. వెంటనే నావి మూడు పోయాయి, ఆయనకు కింగ్ వచ్చింది. తినడం తినకపోవడం నా ఇష్టం కాదా?

పాలమూరు_పులిమేక: నీ ఇష్టమే తమ్ముడూ. మా ఊళ్ళో రచ్చబండ మీద గీసి ఆడేటప్పుడు పులికి ఆకలుంటే మేకను తింటుంది, లేకుంటే వదిలేస్తుంది. పులిని బలవంతం చేసేవాడు ఎవడు?

దేవరకొండ_లెక్కలసారు: అది పులిమేక. ఆయన అడిగింది చెక్కర్స్. ఇందులో కొట్టే అవకాశం ఉంటే వేరే ఎత్తు వేయకూడదు. ఒక దూకుతో ఆగే వీలూ లేదు, అదే కాయ ఇంకా దూకగలిగితే దూకాల్సిందే. ఆ రూల్ తీసేస్తే ఎవరి కాయలు వాళ్ళు వెనక పెట్టుకుని కూర్చోవచ్చు.
తమ్ముడూ, కాయలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పు. నీవి నల్లవైతే నీ వైపు చివరి వరుస పైన ఉందనుకో. ముదురు గళ్ళకు మాత్రమే పై నుంచి ఎడమ నుంచి కుడికి 1 నుంచి 32 దాకా అంకెలు వెయ్యి.

మిర్యాలగూడ_అక్క: రూల్ ఉంది, నిజమే. కానీ రెండు దారులుంటే ఎక్కువ కాయలు పోయే దారిలోనే కొట్టాలి. అది ఎవరూ చెప్పరు.

గడియారం_సెంటర్: నావి 5, 7, 12, 15, 16. బావవి 21, 23, 24, 27, 32. నేను అప్పుడే 11లో ఉన్న కాయను 16కి జరిపాను. ఆయన 23 నుంచి 19కి తోశాడు.

దేవరకొండ_లెక్కలసారు: అక్కా, ఎక్కువ కొట్టి తీరాలన్నది 10×10 బోర్డు ఆటలో. మనం ఆడే 8×8లో, అమెరికా, ఇంగ్లండ్ పద్ధతిలో, ఏ దారైనా ఎంచుకోవచ్చు. ఒకటి కొట్టే దారి, మూడు కొట్టే దారి రెండూ ఉంటే ఒకటే కొట్టి ఊరుకోవచ్చు.
ఇక తమ్ముడి ఆట. బోర్డు మీద పెట్టి చూశాను. 19కి వచ్చిన కాయను నీ 16 కొట్టాలి, దిగేది 23లో. 15 కూడా పక్కనే ఉంది కానీ అది దూకి దిగాల్సిన 24లో బావ కాయ ఉంది. అంటే నీకు ఉన్నది ఒక్కటే దారి. నువ్వు 23లో దిగగానే బావ 27 నుంచి దూకి 18లో పడ్డాడు, 15 మీదుగా 11లో, 7 మీదుగా 2లో. మూడు పోయి కింగ్. నీకు మిగిలినవి 5, 12. ఆయనకు నాలుగు.

పాలమూరు_పులిమేక: ఒక్క మేకనిచ్చి మూడు పులులా 😀

గడియారం_సెంటర్: సార్, అదే నేనూ అంటున్నా. ఇది ఆటా, మోసమా? నాకు చాయిస్ లేకుండా చేసి కొట్టడం ఏం తెలివి?

దేవరకొండ_లెక్కలసారు: చాయిస్ లేకుండా చేయడమే తెలివి. ఆయన ముందు చూసింది తన కాయను కాదు, నీ వెనకున్న ఖాళీలను. 2 ఖాళీ, 7లో కాయ, 11 ఖాళీ, 15లో కాయ, 18 ఖాళీ. ఒకటి ఖాళీ, ఒకటి నిండు, మెట్లలాగా. 27లో ఉన్న కాయకు ఆ మెట్లెక్కడానికి 23లో నీ కాయ ఒకటి కావాలి. దాన్ని 23కి ఎవరు తెస్తారు? నువ్వే తేవాలి, కొట్టక తప్పదు కాబట్టి. 19 ఎర. ఇలాంటివి చివరి నుంచి వెనక్కి వెతుక్కోవాలి, ముందు నుంచి చూస్తే కనబడవు.

చౌటుప్పల్_రాజు: అంటే 11 నుంచి కదపడమే తప్పా?

దేవరకొండ_లెక్కలసారు: అవును. 11లో కాయ ఉంటే 15 మీదుగా దూకి దిగే చోటే లేదు. 16కి కాయ కావాలనుకుంటే 12 నుంచి జరపాల్సింది. అప్పుడు బావ అదే ఎర వేస్తే? నీ 16 కొట్టి 23కి వెళ్తుంది, ఆయన 27 దాన్ని కొట్టి 18లో దిగి అక్కడే ఆగిపోతుంది. వెంటనే నీ 15 దాని మీదుగా 22కి. ఆయనవి రెండు, నీది ఒకటి. ఎర వేసినవాడే చిక్కేవాడు.

మిర్యాలగూడ_అక్క: సార్, మీరు చెప్పేది వింటుంటే ఆ బావ గొప్ప ఆటగాడిలా ఉంది. నేను ఒప్పుకోను. మావారూ ఇలాగే ఒక కాయ ఇస్తాడు, సగం సార్లు తనే పోగొట్టుకుంటాడు.

దేవరకొండ_లెక్కలసారు: లెక్క చూసుకోకుండా ఇస్తే పోతుంది మరి. ఇక్కడ 24లో, 32లో కాయలు కదలకుండా ఉండాలి. 32 ఖాళీగా ఉంటే 16 కాయ 23లో ఆగదు, 27ను కూడా కొట్టి 32లో కింగ్ అవుతుంది. 24 ఖాళీ అయితే 15 కాయ 19ని, 27ని కొట్టి 31లో దిగవచ్చు. ఎర వేసే ముందు ఎదుటివాడి దూకు ఎక్కడ ఆగుతుందో చూడని వాడికి కాయ ఇచ్చే అర్హత లేదు.

గడియారం_సెంటర్: సార్, ఎత్తు గురించి నేను గొడవ పెట్టడం లేదు. మీరు అదే పట్టుకున్నారు. నా బాధ వేరే.

దేవరకొండ_లెక్కలసారు: మరి మొదట్లో "తినాలా వద్దా" అని అడిగింది ఎవరు?

గడియారం_సెంటర్: నేనే. కానీ అంతకు నాలుగు ఎత్తుల ముందు బావకు కొట్టే చాన్స్ వచ్చింది, కొట్టలేదు. అప్పుడు రూల్ లేదా? ఆయనకు ఇష్టమైనప్పుడు రూల్, లేకుంటే లేదు. బామ్మర్దిని కదా, అడగలేక ఊరుకున్నా. చుట్టాలందరూ చూస్తుంటే ఓడించి నవ్వాడు.

పాలమూరు_పులిమేక: ఇప్పుడు అసలు కథ బయటికి వచ్చింది.

మిర్యాలగూడ_అక్క: మా నాన్న కాలంలో కొట్టకుండా వదిలేస్తే ఆ కొట్టని కాయను ఊది బోర్డు మీద నుంచి తీసేసేవాళ్ళు. నువ్వూ ఆయన కాయను తీసేయాల్సింది!

దేవరకొండ_లెక్కలసారు: అది పాత ఇంగ్లీషు అలవాటే అక్కా, కానీ ఇప్పుడు టోర్నమెంట్లలో లేదు. ఆ ఎత్తు వెనక్కి తీయించి కొట్టించడమే. తమ్ముడూ, ఆ నాలుగు ఎత్తుల ముందు నువ్వు చూశావా? చూసీ ఊరుకున్నావా?

గడియారం_సెంటర్: చూశాను. కొడితే నాకే నష్టం, అందుకే గుర్తు చేయలేదు.

చౌటుప్పల్_రాజు: అయితే ఇద్దరూ దొంగలే 😂

మిర్యాలగూడ_అక్క: చూసీ ఊరుకున్నా పెద్దవాడు కదా, బావ చెప్పాల్సింది. ఆట మొదలుపెట్టే ముందే "కొట్టక తప్పదు" అని అనుకుని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

దేవరకొండ_లెక్కలసారు: రూల్ బోర్డుతో పాటే వస్తుంది, ముందు చెప్పాల్సిన పని లేదు.

మిర్యాలగూడ_అక్క: మా ఊళ్ళో డబ్బా కొంటే కాయలే వస్తాయి సార్, రూల్స్ కాగితం రాదు.

గడియారం_సెంటర్: వచ్చే ఆదివారం బావ మళ్ళీ వస్తున్నాడు. సార్, 24, 32 గుర్తుంచుకుంటే చాలా, ఇంకేమైనా ఉందా?

దేవరకొండ_లెక్కలసారు: ఆ అంకెలు ఆ ఒక్క ఆటవే. నీ కాయ కదిపిన ప్రతిసారీ వెనక ఏ గడి ఖాళీ అయిందో చూడు. ఈసారి నల్లవి ఆయనకిచ్చి నువ్వు తెల్లవి తీసుకో.