కువైట్‌లో ఉన్న మా ఆయనకు చీటీల సీసా: ఎలా చేయాలి, ఎలా పంపాలి?

కోనసీమ కోడలు:
మా ఆయన కువైట్‌లో ఒక కంపెనీ బండి నడుపుతారు. మళ్లీ సెలవు దొరికేది వచ్చే ఏడాదే. నవంబరులో మా పెళ్లిరోజు. మా ఇద్దరి జ్ఞాపకాలు చిన్న చిన్న చీటీల మీద రాసి, గాజు సీసాలో వేసి పంపుదామనుకున్నాను. రోజుకొకటి తీసి చదివేలా 365 రాయాలని మొదలుపెట్టా. ఇరవై దాటేసరికి అన్నీ ఒకేలా వస్తున్నాయి. "నువ్వంటే ఇష్టం" అన్నదాన్నే అటు తిప్పి ఇటు తిప్పి రాస్తున్నాను.
సీసాలో మా పాత బస్సు టికెట్లు, సినిమా టికెట్లు, కాసిని ఎండిన మల్లెపూలు కూడా వేయాలని ఉంది. అక్టోబరు చివర్లో మా ఊరాయన ఒకరు కువైట్ వెళ్తున్నారు, ఆయన చేతికిస్తా. మా ఆయన ఉండే గదిలో ఇంకో ముగ్గురుంటారు, అదొక్కటే ఇబ్బంది. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

భీమవరం పిన్ని:
గాజు సీసా వద్దమ్మా. విమానంలో మూత వదులైతే నూనంతా బట్టల మీదే. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకి టేపు చుట్టి, రెండు కవర్లు వెయ్యి. ఆవకాయైతే ముక్క నూనెలో మునిగి ఉండాలి.

కోనసీమ కోడలు:
పిన్నిగారూ, పచ్చడి కాదండీ. చీటీలు. కాగితాలు.

భీమవరం పిన్ని:
అయ్యో, సీసా అని చూసి పచ్చడనుకున్నా. సరే, ఎలాగూ మనిషి వెళ్తున్నాడు కాబట్టి కాస్త పచ్చడీ, మసాలా పొడీ కూడా పెట్టు. ఉత్త కాగితాలు పంపుతావా?

జిరాక్స్ కొట్టు:
పచ్చడి, కాగితాలు ఒకే మూటలో మాత్రం వద్దు. నూనె బయటికి కారకపోయినా వాసన కాగితానికి పడుతుంది, అది పోదు. పాత పచ్చడి సీసా కడిగి వాడదామనుకున్నా అంతే. గాజుకు వాసన ఉండదు గానీ మూత లోపలి రబ్బరుకు ఉంటుంది. కొత్త సీసా తీసుకోండి.
నాకు జిరాక్స్, లామినేషన్ కొట్టుంది కాబట్టి కాగితం సంగతి చెప్తాను. ముందు ఆ టికెట్లు. బస్సులో కండక్టరు మిషన్‌లోంచి వచ్చే టికెట్టు, సినిమా హాలు కౌంటర్లో ఇచ్చే నున్నటి టికెట్టు సాధారణంగా థర్మల్ కాగితమే. దాంట్లో సిరా ఉండదు, వేడికి కాగితమే నల్లబడి అక్షరం పడుతుంది. అందుకే ఎండకీ వేడికీ కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. మీ దగ్గరున్నవి ఇప్పటికే మసకబారి ఉంటాయి, చూసుకోండి. ఈరోజే జిరాక్స్ తీయించండి. రంగుల్లో తీయిస్తే అసలుదానిలాగే ఉంటుంది. దాన్ని కత్తిరించి చీటీకి అంటించండి, అసలు టికెట్టు మీ దగ్గరే చీకట్లో దాచుకోండి.

బోడుప్పల్ బాబాయ్:
జిరాక్స్ ఎందుకండీ, అసలు టికెట్టునే లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా. నా సర్టిఫికెట్లన్నీ అలాగే చేయించా, ఇప్పటికీ కొత్తగా ఉన్నాయి.

జిరాక్స్ కొట్టు:
సర్టిఫికెట్టుకు పరవాలేదు. ఈ టికెట్టు మిషన్‌లో పెడితే ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోయి బయటికి వస్తుంది, ఒక్క అక్షరం కనపడదు. మా కొట్టుకు అలా తెచ్చేవాళ్లు ఉంటూనే ఉంటారు, నేను ముందే వద్దని చెప్తా. అనుమానముంటే టికెట్టు అంచున గోటితో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అది థర్మలే. దాని మీద సెల్లో టేపు కూడా అంటించొద్దు, టేపు జిగురుకి అక్షరాలు చెదిరిపోతాయి.
పెన్ను మామూలు బాల్ పెన్నే మంచిది. జెల్ పెన్నుతో రాసి వెంటనే మడిచారంటే అవతలి వైపు అచ్చు పడుతుంది. చెమట చేత్తో పట్టుకుంటే పాకుతుంది. ముందు చిత్తుకాగితం మీద రాసి, ఆరాక ఒక నీటిచుక్క వేసి వేలితో తుడిచి చూడండి, మీకే తెలుస్తుంది.

బోడుప్పల్ బాబాయ్:
అంచు గీసి చూశాను, నా పెట్రోలు బంకు రసీదు మీద నిజంగానే గీత పడింది. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలీదు.

డల్లాస్ నుంచి:
మాది మీకు తిరగేసిన కథ. నేనిక్కడ, మా ఆయన హైదరాబాద్‌లో, వీసా కోసం ఎదురుచూపు. ఆయన నాకు గాజు సీసా నిండా చీటీలు కొరియర్‌లో పంపాడు. సీసా పగల్లేదు గానీ బిల్లు చూసి గొడవపడ్డాం. చుట్టూ బబుల్ షీట్ పెట్టి 25, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో పంపాడు. ఆ మూడూ గుణించి 5000తో భాగిస్తారట, అంటే రెండు కిలోలు. అసలు బరువు కిలో కూడా లేదు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. మీరు మనిషి చేత పంపుతున్నారు కాబట్టి ఈ బాధ లేదు, కానీ ఆయన సంచిలో చోటు కూడా చోటే కదా.
ఇక ఏం రాయాలన్నదానికి నేను చేసిన పని చెప్తా, ఎందుకంటే తిరిగి ఆయనకు నేనూ రాశాను. గుర్తుచేసుకుని రాయాలని కూర్చుంటే ప్రేమ మాటలే వస్తాయి. నేను ఫోన్‌పే హిస్టరీ తెరిచి పాత తేదీల దాకా వెనక్కి వెళ్లా. ఫలానా రోజు టీకొట్టులో 40 రూపాయలు, ఫలానా రాత్రి మందుల షాపులో 212. ఒక్కో లైనుకీ ఒక్కో సంగతి గుర్తొచ్చింది. గ్యాలరీ ఫొటోలకన్నా ఇదే నయం. ఫొటోలు మంచి రోజులవే తీస్తాం, డబ్బులు అన్ని రోజులూ కడతాం.

కోనసీమ కోడలు:
ఇది బాగుంది అక్కా. ఇప్పుడే చూశాను. రావులపాలెంలో ఒక పండ్ల బండికి 30 రూపాయలు ఉంది. చూడగానే మొత్తం గుర్తొచ్చింది. అది ఇలా రాశా, చెప్పండి:
"రావులపాలెం బస్టాండులో అమలాపురం బస్సు మన కళ్లముందే వెళ్లిపోయింది. నువ్వు జామకాయలు కొని కారం ఎక్కువ వేయించావు. నాకు కళ్లలో నీళ్లొస్తే, బస్సు పోయిందని ఏడుస్తున్నాననుకుని ఆటో మాట్లాడేశావు. ఆటోవాడికి ఎంతిచ్చావో ఇప్పటికీ చెప్పలేదు."

డల్లాస్ నుంచి:
ఇంక దీనికి ఏమీ కలపకు. "నువ్వంటే ఎంత ఇష్టమో" అని చివర తగిలించావో, చెడిపోతుంది. ఆ ఆఖరి ముక్క చదివి ఆయన ఫోన్ చేసి తీరాలి. వీలైనన్ని చీటీలు అలా ఆయన జవాబు చెప్పాల్సిన ప్రశ్నలాగా ముగించు.

రాజంపేట డ్రైవర్:
నేను కువైట్‌లో చాలా ఏండ్లు ఉండి వచ్చినోణ్ని. రెండు మాటలు చెప్తా అక్కా.
365 వద్దు. డ్యూటీ దిగి వచ్చేసరికి స్నానం, వంట, నిద్ర, అంతే. రెండో వారానికి చీటీలు మిగిలిపోతే అదో అప్పులాగా కనపడుతుంది. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ ఇంటికి ఫోన్ చేసుకుంటారు. శుక్రవారానికి ఒకటి లెక్కన 52 రాయండి. ఫోన్లో ఉండగానే విప్పమనండి. కానీ ఆయనకు శుక్రవారం డ్యూటీ పడుతుందేమో ముందు అడగండి, కొన్ని కంపెనీల్లో వేరే రోజు ఇస్తారు.
రెండోది, మనిషి చేతికిచ్చే సంగతి. నేనైతే అతికించిన కవరు ఎవరిచ్చినా తీసుకుపోలేదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే "ఊళ్లో వాళ్లిచ్చారు సార్" అంటే ఎవరూ వినరు. మీరు ఆయన ముందే అన్నీ విప్పి చూపించి ఇవ్వాలి. పిన్నమ్మ చెప్పిన మసాలాలో గసగసాలు ఉంటే అసలే వద్దు. దుబాయ్ వైపు గసగసాలు నిషేధం, గల్ఫ్‌లో ఏ దేశానికైనా అవి లేకుండా పంపడమే మేలు. మల్లెపూలు కూడా మానుకోండి. ఎండిన ఆకో పువ్వో పొట్లంలో కనిపిస్తే అదేంటని ఆపుతారు, ఆ టెన్షన్ మోసుకుపోయే ఆయనకెందుకు?

కోనసీమ కోడలు:
విప్పి చూపించాలంటే ఇబ్బందే అన్నా. కొన్ని చీటీల్లో మా ఇద్దరి మాటలుంటాయి.

జిరాక్స్ కొట్టు:
చదివించక్కర్లేదమ్మా, కాగితమేనని కనపడితే చాలు. 80 జీఎస్‌ఎమ్ ఏ4 కాగితాలు ఏడు తీసుకోండి. ఒక్కోదాన్ని మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే ఎనిమిది ముక్కలు. మొత్తం 56, అంటే నాలుగు చెడిపోయినా 52 ఉంటాయి. ఒక్కో ఏ4 దాదాపు 5 గ్రాములు, ఏడూ కలిపి 35 గ్రాములు. రాసింది లోపలికి పోయేలా రెండు మడతలు వేసి, అంచున చిన్న గుండ్రటి స్టిక్కరు అంటించండి. అన్నీ పారదర్శకంగా ఉండే జిప్ కవర్లో వేయండి. ఎవరు చూసినా మడతపెట్టిన కాగితాలని తెలుస్తుంది.
చుట్టలుగా చుట్టి దారం కట్టొద్దు. చూడ్డానికి బాగుంటాయి గానీ, నెలల తరబడి చుట్టుకుపోయిన కాగితం విప్పగానే మళ్లీ చుట్టుకుంటుంది, రెండు చేతులా పట్టుకుని చదవాలి. ఒక చేతిలో ఫోన్ ఉంటుంది కదా.
సీసా ఇక్కణ్నుంచి పంపొద్దు. అక్కడే ఒక వెడల్పు మూతి డబ్బా కొనుక్కోమనండి. సీసా మీద అంటించడానికి మీ చేత్తో రాసిన లేబులు ఒకటి ఆ కవర్లోనే పెట్టండి, అదే మీ సీసా అవుతుంది. ఇంకోటి, వానల్లో మన వైపు కాగితం చెమ్మగా ఉంటుంది. మెత్తబడిన కాగితాన్ని కవర్లో బిగిస్తే ముడతలు పడి వాసన వస్తుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నం ఫ్యాను కింద పరిచి, గలగలమన్నాక కవర్లో వేయండి.

బోడుప్పల్ బాబాయ్:
సీసా లేకుండా సీసా కానుక ఏంటండీ? విప్పగానే కనపడే ఆ అందమే కదా కానుక. చిన్న ప్లాస్టిక్ సీసా అయినా పంపాలి. నేను ఒప్పుకోను.

రాజంపేట డ్రైవర్:
తీసుకుపోయే ఆయన సామాను ముప్పై కిలోల్లో సగం ఊరోళ్ల డబ్బాలే ఉంటాయి బాబాయ్. 35 గ్రాములంటే మొహమాటం లేకుండా చేతి సంచిలో పెట్టుకుంటాడు.
గదిలో ముగ్గురి సంగతి. సీసా బల్ల మీద ఉంటే వాళ్లు తీసి చదవడం ఖాయం, నవ్వులాటకైనా. మా గదిలో అయితే ఒకరికొచ్చిన ఉత్తరం అందరం చదివేవాళ్లం. బాధేమీ కాదు, కానీ ఆ ఉత్తరం రాసిన ఆమెకు అది తెలియదు. నా మాటైతే, అందరూ చదివినా పరవాలేదనిపించేవి మాత్రమే సీసాలో వేయండి. జామకాయ చీటీ అలాంటిదే. మిగతావి ఒక ఐదారు వేరే కవర్లో, పెట్టెలో తాళం వేసుకునేలా.

డల్లాస్ నుంచి:
ఆ ఐదారింటి మీద ఎప్పుడు విప్పాలో రాసి పెట్టు. జ్వరం వచ్చినప్పుడు, జీతం ఆలస్యమైనప్పుడు, సంక్రాంతికి సెలవు దొరకనప్పుడు. నేను అందుకున్నవాటిలో ఎక్కువసార్లు చదివింది జ్వరం చీటీనే. దాంట్లో ప్రేమేమీ లేదు, చారు ఎలా పెట్టుకోవాలో ఉంది.

కోనసీమ కోడలు:
అయితే 52 మామూలువి, ఆరు తాళంలోవి. మల్లెపూలు తీసేశా. టికెట్లు రేపే రంగు జిరాక్స్. శుక్రవారం సెలవుందా అని అడిగితే కానుక సంగతి పసిగడతారేమో, వాళ్ల గదిలో ఉండే ఇంకొకాయనను అడుగుతా. ఒక్క అనుమానం మిగిలింది. స్టిక్కర్లన్నీ మొదటి రాత్రే చించేసి అన్నీ చదివేస్తే?

రాజంపేట డ్రైవర్:
చదివేస్తాడు. మొదటి శుక్రవారానికే సగం అయిపోతాయి. ఆపలేరు.

జిరాక్స్ కొట్టు:
తేదీలు వేయండి, కొంతైనా ఆగుతాడు. లేదంటే 26 ఇప్పుడు పంపి, మిగతా 26 తర్వాత వెళ్లేవాళ్ల చేతికివ్వండి. మళ్లీ ఎవరు వెళ్తున్నారో కనుక్కోండి.

భీమవరం పిన్ని:
మా ఆడపడుచు కొడుకు జనవరిలో కువైట్ వెళ్తాడమ్మా. కావాలంటే అడుగుతాను. గసగసాలు లేకుండా మసాలా కూడా కొట్టిస్తా.