బంతి పెట్టినా టమాటాకి పురుగే, ఎవరికైనా పనిచేసిందా?

మారతహళ్ళి_మిద్దె: టెర్రస్ మీద పన్నెండు గ్రో బ్యాగుల్లో టమాటా వేశానండి, మధ్యమధ్యలో బంతి, సబ్జా, ఉల్లి కూడా పెట్టా, వాసనకి పురుగు రాదన్నారు కదా అని. నిన్న చూస్తే ఏడు కాయలకి గుండ్రటి కన్నాలు, ఒకదాంట్లో పచ్చ పురుగు తల లోపల పెట్టి తోక బయట వేలాడేసుకుని హాయిగా తింటోంది.

హోసకోట_రైతు: అది కాయతొలుచు పురుగు. బంతి దాన్ని తరమదు సార్, పిలుస్తుంది. తల్లి రెక్కల పురుగు బంతి పువ్వుల మీద, మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, అందుకే దాన్ని ఎరపంటగా వేస్తాం. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పిన లెక్క 16 వరసల టమాటాకి ఒక వరస పొడుగు బంతి, అదీ 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకేసారి నాటాలి. మీరెలా నాటారు?

మారతహళ్ళి_మిద్దె: రెండిటికీ ఒకే రోజు విత్తనాలేశా 🙈 బంతి ఇప్పుడిప్పుడే మొగ్గ వేస్తోంది.

హోసకోట_రైతు: అక్కడే పోయింది. టమాటా పూతకొచ్చేసరికి పక్కన బంతి విచ్చుకుని ఉండాలి, లేకపోతే గుడ్లు టమాటాకే.

వంకాయ_పిన్ని: నేను ఒప్పుకోను, బంతి వేర్లు నులిపురుగుల్ని చంపుతాయి, ప్రతి బ్యాగులో ఒకటి పెట్టండి చాలు.

హోసకోట_రైతు: మాట నిజమే పిన్నిగారూ, కానీ పక్కన ఒక్క మొక్కతో కాదు. అదే మట్టిలో ముందు రెండు నెలలు బంతిని ఒత్తుగా పెంచి, తర్వాత కూరగాయ వేస్తే తేడా తెలుస్తుంది. మీ వంగ మొక్క పీకినప్పుడు వేరు మీద బుడిపెలున్నాయా?

వంకాయ_పిన్ని: చూళ్ళేదు నాన్నా, కంపోస్టులో పడేశా.

తులసికోట: మా తులసికి తెల్లగా దూదిలా పట్టింది, అది టమాటాకి పాకుతుందా?

మారతహళ్ళి_మిద్దె: అది పిండినల్లి అనుకుంటానండి, నాది సబ్జా, తులసి వేరు.

కెఆర్‌పురం_బాల్కనీ: సబ్జా పెట్టాక నాకు తెల్లదోమ తగ్గినట్టే ఉంది, కానీ అదే వారం పసుపు జిగురు అట్టలు కూడా కట్టా కాబట్టి దేని పుణ్యమో చెప్పలేను. ఉల్లి మాత్రం దండగ, దాని ఆకు మడతల్లోనే తామర పురుగులు కాపురం పెట్టాయి.

హోసకోట_రైతు: సబ్జా సంగతి నాకూ తేలలేదు. మారతహళ్ళి గారూ, కన్నం పడ్డ కాయలు కోసి కవర్లో మూట కట్టి పారేయండి, కుండీలో పడేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ రెక్కలొచ్చి లేస్తుంది. రోజు విడిచి రోజు బంతి మొగ్గలు విప్పి చూడండి, పురుగున్న పువ్వు తెంపేయండి. తెంపకపోతే మీరే దాన్ని మేపుతున్నట్టు.

మారతహళ్ళి_మిద్దె: ఇప్పుడే టార్చ్ పట్టుకుని చూశా, మూడు మొగ్గల్లో సన్న పురుగులు, అగ్గిపుల్ల తల అంత. తెంపేశా. పూలు పోతున్నాయని మా అత్తగారు గొడవ, దసరాకి దండ గుచ్చుదామని లెక్కేసుకున్నారట.