బొరియ పక్కన కాయిన్ పెట్టి ఫొటో తీస్తే ఏ జంతువో చెప్పొచ్చా?

మాధవి_సర్జాపూర్‌రోడ్: మా అపార్ట్‌మెంట్ వెనక కాంపౌండ్ గోడ కింద బొరియ ఉంది, ముందు మట్టి కుప్ప, కుప్ప మీద నల్లటి పెంటికలు. కుప్ప మీదే పది రూపాయల కాయిన్ పెట్టి ఫొటో తీశా. ఫ్లాట్లవాళ్లు పాము అంటున్నారు, వాచ్‌మన్ కన్నడలో హెగ్గణ, అంటే పందికొక్కు అంటున్నాడు. ఫొటో చూసి చెప్పగలరా?

రవి_ఈసిటీ: కాయిన్ 27 మిల్లీమీటర్లు, బొరియ మూడు కాయిన్ల వెడల్పు కనిపిస్తోంది, అంటే 8 సెంటీమీటర్లు. అంచు నున్నగా ఉంది, సాలెగూడు లేదు, ఏదో రోజూ లోపలికీ బయటికీ తిరుగుతోంది. నా లెక్కలో జెర్రిపోతు. అక్కా, పిల్లల్ని అటు పోనివ్వకండి.

అడుగుజాడ: రవీ, రోజూ తిరుగుతోందన్నది కరెక్ట్, పాము ఉండే అవకాశమూ ఉంది, కానీ జెర్రిపోతు అంత మట్టి తోడి బయట పోయదు, వేరేవాళ్లు తవ్విన బొరియలో దూరుతుంది. ఆ కుప్ప తవ్విన జంతువుది. ఇక కొలత. కాయిన్ కుప్ప మీద ముందుకి ఉంది, బొరియ నోరు దాని వెనక ఉంది, దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కదా, అందుకే కాయిన్లతో లెక్కేస్తే బొరియ అసలు కంటే చిన్నదిగా తేలుతుంది. మాధవి గారూ, ఫోన్ నుంచి కాయిన్‌కి ఎంత, బొరియకి ఎంత దూరం ఉండొచ్చు?

మాధవి_సర్జాపూర్‌రోడ్: కాయిన్‌కి మోచేయంత, 45 సెంటీమీటర్లు అనుకోండి. బొరియ ఇంకో జానెడు కంటే కొంచెం తక్కువ, 15 వెనక.

అడుగుజాడ: అయితే 8ని 60 బై 45తో గుణించండి, దాదాపు 11 సెంటీమీటర్లు. ఇది మామూలు ఎలుక బొరియకి ఎక్కువ, పందికొక్కు వైపు వెళ్తుంది, మీ వాచ్‌మన్ చెప్పిన హెగ్గణ అదే. పెంటికలు మాత్రం కాయిన్ పక్కనే, అదే కుప్ప మీద ఉన్నాయి కాబట్టి వాటి కొలత నమ్మొచ్చు. కాయిన్‌లో ముప్పావు, అంటే 20 మిల్లీమీటర్లు, రెండు కొసలూ మొండిగా ఉన్నాయి. చిట్టెలుకవి బియ్యపు గింజంతే ఉంటాయి, ఇంట్లో అటకెక్కే ఎలుకవి సన్నగా కొసలు మొనదేలి ఉంటాయి, కాబట్టి ఆ రెండూ కాదు. కానీ పెద్ద గోధుమ ఎలుక పెంటికలు కూడా 20 దాకా రావచ్చు, అందుకే పెంటికలతోనే పందికొక్కు అని నేను తేల్చను.

చెన్నై_లక్ష్మి: మా వేళచ్చేరి ఇంట్లో కూడా మెట్ల కింద ఇలాంటివే పెద్ద పెద్దవి వచ్చేవి, ఎలుకలని బోన్లు పెట్టాం, ఏమీ పడలేదు, తీరా చూస్తే గోదురుకప్పవి. పుల్లతో ఎండినదాన్ని విడదీస్తే నిండా చీమల తలలు, పురుగుల రెక్కల మెరుపు ముక్కలు. మాధవీ, నువ్వు కూడా గ్లవ్స్ వేసుకుని ఒకటి విరిచి చూడమ్మా, సైజు ఒక్కటీ నమ్మకు.

శ్రీను_బీటీఎం: నా మాట వేరే. 45, 15 అని ఆవిడ కంటి లెక్కతో చెప్పిన నంబర్లతో గుణకారం చేసి 11 అనడం ఎందుకండీ? జానెడు కాస్త అటూ ఇటూ అయితే జవాబు మారిపోతుంది. పైగా వానలకి మట్టి గోడ కింద నోరు కరిగి పెద్దదవుతుంది, అప్పుడు మనం కొలిచేది వానని, జంతువుని కాదు. ఇలాంటి ఫొటో చూసి పేరు చెప్పకూడదని నా పట్టు.

అడుగుజాడ: నోరు కరుగుతుందన్నది ఒప్పుకుంటా, అందుకే లోపల సన్నబడే చోట వెడల్పు చూడాలి. కానీ ఫొటో మళ్లీ సరిగ్గా తీస్తే లెక్కలే అక్కర్లేదు. ఏటీఎం కార్డుని బొరియ అంచుకి ఆనించి నిలబెట్టి, ఫోన్‌ని ఎదురుగా వంచకుండా పట్టుకుని తీయండి. కార్డులన్నీ 85.6 మిల్లీమీటర్ల పొడవే, కాయిన్లు అలా కాదు, పాత స్టీల్ రూపాయి 25, 2011లో వచ్చిన రూపాయి 22, ఫొటోలో ఏదో తెలియకపోతే అక్కడే తప్పు పోతుంది. చెయ్యి మాత్రం లోపల పెట్టకండి, కార్డుని కర్ర చివర టేపుతో అంటించండి, తర్వాత కడిగేయండి.

మాధవి_సర్జాపూర్‌రోడ్: తీశానండి. నోరు కార్డు పొడవు కంటే ఒక వేలు ఎక్కువ, లోపల సన్నబడే చోట కార్డు పొడవుకి కొంచెం తక్కువ. ఒక పెంటిక విరిచా, రెక్కలేం లేవు, పిండిలాగా నార నారగా ఉంది. ఇవాళ పొద్దున నోరు తాజా మట్టితో లోపల్నుంచి మూసేసి ఉంది.

అడుగుజాడ: రెక్కలు లేవంటే గోదురుకప్పని పక్కన పెట్టేయొచ్చు. లోపల్నుంచి మూయడం పందికొక్కుల అలవాటు, ముఖ్యంగా చిన్న రకానిది, పాము ఆ పని చేయదు. పెద్దదా చిన్నదా అన్నది లోపలి కొలత బట్టి చూస్తే చిన్నదనిపిస్తోంది, పెంటికలు చూస్తే పెద్దది, నేను చిన్నది వైపే ఉన్నా.

రవి_ఈసిటీ: ఈ నోరు ఒక్కటే మూసింది కదన్నా, వేరే నోరు ఉంటే పాము అటు నుంచి దూరొచ్చు కదా?

అడుగుజాడ: దూరొచ్చు, దానికి ఈ ఫొటో జవాబు చెప్పదు. మాధవి గారూ, గోడ అవతల వైపు కూడా చూడండి.

శ్రీను_బీటీఎం: మూసిన మట్టి చూసి చెప్పారు, కొలత చూసి కాదు. నేను అన్నది అదే.