ఈకో వ్యాన్ మాకప్‌లో లోగో బాడీ ఒంపుల మీద సరిగా కూర్చోవడం లేదు: మీరు ఎలా చేస్తున్నారు?

రేఖాచిత్రం:
కూకట్‌పల్లిలో పచ్చళ్లు తయారుచేసే ఒక సంస్థ సరుకు చేరవేయడానికి తెల్ల రంగు ఈకో కార్గో వ్యాన్ తీసుకుంది. స్లైడింగ్ డోర్ మీద 400 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రటి లోగో, దాని లోపలే అడుగు అంచు వెంట వంపు తిరిగిన తెలుగు అక్షరాలు రావాలి. వ్యాన్‌ను మూల నుంచి ఫోటో తీసి, దాని నలుపు తెలుపు ప్రతిని డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌గా పెట్టి, `Filter > Distort > Displace` లో రెండు విలువలూ 10 ఇచ్చాను. లోగో ఒంపులను అనుసరించడానికి బదులు, డోర్ మధ్యలో ఒక గీత దగ్గర అక్షరాలు మెట్టులా విరిగిపోతున్నాయి, అయితే డోర్ కింది భాగం నిజంగా లోపలికి తిరిగే చోట మాత్రం లోగో అట్టముక్క అతికించినట్టు బల్లపరుపుగానే ఉంది. విలువ తగ్గిస్తే అసలు ప్రభావమే కనిపించదు, పెంచితే అక్షరాలు వణుకుతున్నాయి. మ్యాప్ తయారీలో లోపమా, పద్ధతిలోనే లోపమా?

గ్రాఫిక్_గచ్చిబౌలి:
మ్యాప్‌ను ముందుగా బ్లర్ చేయండి. గాసియన్ బ్లర్ ఏడెనిమిది పిక్సెళ్లు ఇచ్చి పీఎస్‌డీగా భద్రపరచి వాడితే వణుకు పోతుంది. నేను టీషర్టులకూ జెండాలకూ ఎప్పుడూ ఇలాగే చేస్తాను, చక్కగా వస్తుంది. లోగోను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి ఫిల్టర్ వేస్తే తర్వాత విలువ మార్చుకునే వీలు కూడా ఉంటుంది.

వంపుగీత:
బ్లర్ వల్ల వణుకు తగ్గుతుందన్న మాట నిజమే, కానీ రేఖాచిత్రం గారి సమస్య వణుకు కాదు. డిస్‌ప్లేస్ ఫిల్టర్‌కు ఎత్తుపల్లాలు తెలియవు, వెలుతురు మాత్రమే తెలుస్తుంది. మ్యాప్‌లో 128 దగ్గరి బూడిద రంగు ఉన్న చోట పిక్సెల్ కదలదు, అంతకంటే తెల్లగా ఉంటే ఒక వైపుకు, నల్లగా ఉంటే ఎదురు వైపుకు జరుగుతుంది. బట్ట మీద ఇది పనిచేయడానికి కారణం అక్కడ వెలుగునీడలను ముడతలే పుట్టిస్తాయి కాబట్టి. మెరిసే పెయింట్ మీద అలా కాదు, అక్కడ మనకు కనిపించే తెలుపు నలుపుల్లో ఎక్కువ భాగం ఆకాశం, రోడ్డు, ఎదుటి గోడల ప్రతిబింబమే.

మీ డోర్ మధ్యలో అక్షరాలను విరుస్తున్న గీత బాడీ గీత కాకపోవచ్చు. లోగో లేయర్‌ను దాచి, అదే వ్యాన్‌ను మరో కోణం నుంచి తీసిన ఫోటోతో పోల్చి చూడండి. కెమెరా కదిలినప్పుడు ఆ గీత కూడా డోర్ మీద జరిగితే అది ఆకాశమూ నేలా కలిసే అంచు ప్రతిబింబం, జరగకపోతే అది రేకు మడత. ఇక కింది భాగం లోపలికి తిరిగినా, దాని వెలుతురు నెమ్మదిగా మారుతోంది కాబట్టి ఫిల్టర్‌కు అక్కడ ఒంపు ఉన్నట్టే తెలియలేదు. మ్యాప్‌ను ఎంత సరిచేసినా ఈ రెండూ పోవు.

రేఖాచిత్రం:
మీరు చెప్పినట్టు చూశాను. రెండో ఫోటోలో ఆ గీత జానెడు పైకి జరిగింది, అంటే ప్రతిబింబమే. మరి ఒంపును ఎక్కడి నుంచి తెలుసుకోవాలి?

త్రీడీ_శిల్పి:
బ్లెండర్‌లో వ్యాన్ మోడల్ తెచ్చుకుని, లోగోను పక్క నుంచి ప్రొజెక్ట్ చేస్తే ఈ గొడవంతా తీరిపోతుంది. ఒంపులు వాటంతట అవే వస్తాయి, వెలుతురు కూడా మన చేతిలో ఉంటుంది.

వంపుగీత:
మోడల్ కొలతలకు సరిపోయేదైతే మంచి దారే. కానీ పక్క నుంచి ప్రొజెక్ట్ చేయడం అంటే సినిమా హాలులో తెర మీద బొమ్మ పడినట్టు లోగో పడుతుంది, పక్క నుంచి చూస్తే గుండ్రంగానే ఉంటుంది, లోపలికి తిరిగిన చోట మాత్రం రేకు మీద సాగిపోతుంది. బండికి అతికించే వినైల్ ఫిల్మ్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా నడుచుకుంటుంది. అది రేకు మీద తన కొలతను నిలుపుకుంటుంది, పక్క నుంచి చూసేవాడికి మాత్రం కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. ప్రొజెక్ట్ చేసిన మాకప్‌ను చూసి సంతోషించిన యజమాని, అతికించిన వ్యాన్‌ను చూసి లోగో ఎందుకు నొక్కుకుపోయిందని అడుగుతాడు.

వ్యాన్ మీకు అందుబాటులో ఉంటే మాస్కింగ్ టేపుతో దాని మీదే గళ్లు వేయండి. లోగో రావలసిన చోట 100 మిల్లీమీటర్ల గళ్లు చాలు. కొలత తీసేటప్పుడు స్కేలును గాలిలో నిలబెట్టకుండా, మెత్తటి దర్జీ టేపును రేకుకు ఆనించి కొలవాలి. ఆ తర్వాత కెమెరాను స్టాండు మీద పెట్టి, డోర్ మధ్య ఎత్తులో ఉంచి, వీలైనంత దూరం జరిగి జూమ్‌తో తీయండి, దగ్గర నుంచి ఫోన్ వైడ్ లెన్స్‌తో తీస్తే ముందు చక్రం ఉబ్బి వ్యాన్ ఆకారమే మారిపోతుంది. టేపుతో ఒక ఫోటో, కెమెరాను కదపకుండా టేపు తీసేసి మరొకటి తీసుకోవాలి. నీడ పట్టున తీస్తే ప్రతిబింబాలు మెత్తగా వస్తాయి.

ఫోటోషాప్‌లో లోగోను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, దాని మీద కూడా అవే కొలతల గళ్లు గీయండి. మీ లోగోకు అడ్డం నాలుగు, నిలువు నాలుగు గళ్లు వస్తాయి. ముందు `Edit > Transform > Distort` తో నాలుగు మూలలను టేపు గళ్ల మూలలకు చేర్చితే దూరపు కోణం సరిపోతుంది. ఆ పైన `Warp` లో 4 × 4 గ్రిడ్ పెట్టి ఒక్కొక్క ఖండనను ఫోటోలోని టేపు ఖండన మీదికి లాగండి. మీ డోర్‌కు పై మూడు వరుసలు దాదాపు సమానంగా ఉండి, అట్టడుగు వరుస ఎత్తు పదో వంతు తగ్గి కనిపిస్తుందని అనుకుందాం. అప్పుడు లోగో అడుగు భాగం కూడా అంతే తగ్గాలి, అక్కడి అక్షరాలు పొట్టిగా కనిపించాలి. కంటికి ఒంపు తెలిసేది ఆ చిన్న తగ్గుదల వల్లనే. పని ముగిశాక స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపలి గళ్లను తీసేస్తే లోగో మిగులుతుంది.

గ్రాఫిక్_గచ్చిబౌలి:
నేను పొరబాటు పడలేదు కానీ, మీ మాటలో న్యాయం ఉంది. దాని మీద మల్టిప్లై పెడితే వెలుగునీడలు వచ్చేస్తాయి కదా, అక్కడితో సరిపోతుంది.

వంపుగీత:
తెల్ల వ్యాన్ మీద లేత రంగులకు సరిపోతుంది. ముదురు ఎరుపు, నలుపు వచ్చే చోట మల్టిప్లై ప్రతిబింబాలను దాదాపు మింగేస్తుంది, లోగో కాగితం మీద అచ్చు వేసినట్టు పేలవంగా కనిపిస్తుంది. నిగనిగలాడే లామినేషన్ వేసిన ముదురు రంగు మీద ఆకాశం ఇంకా స్పష్టంగా కనిపించాలి. అందుకని ఖాళీ వ్యాన్ ఫోటో ప్రతిని రంగు తీసేసి, లెవెల్స్‌తో వెలుగులు తప్ప మిగిలినదంతా నలుపు చేసి, లోగో పైన స్క్రీన్ మోడ్‌లో తక్కువ అపాసిటీతో ఉంచండి. మీరు మ్యాప్‌లో తిప్పలు పడ్డ ఆ ప్రతిబింబపు గీత ఇక్కడ పనికొస్తుంది. అది లోగో మీదుగా తెగకుండా సాగితేనే లోగో రేకులో భాగంలా అనిపిస్తుంది.

బాలానగర్_స్టిక్కరింగ్:
నేను డిజైనర్‌ను కాను, అతికించేవాణ్ని. వంపుగీత గారు చెప్పిన టేపు పద్ధతిలో ఇంకో లాభం ఉంది, అది చెబుతాను. గళ్లు వేసేటప్పుడు కొన్ని చోట్ల టేపు ముడత పడుతుంది, లేదా నాలుగు వైపులా 100 కొలిచినా గడి మూల కలవదు. చక్రం పైన ఉబ్బు, డోర్ హ్యాండిల్ వెనుక గుంట, స్లైడింగ్ రైలు అంచు అలాంటి చోట్లు. అక్కడ రేకు రెండు వైపులకూ వంగి ఉంటుంది, చదునైన ఫిల్మ్ సాగకుండా అక్కడ పడుకోదు. సాగితే అక్షరం వెడల్పవుతుంది, రంగు పలచబడుతుంది. మీ వార్ప్‌లో ఎంత అందంగా కూర్చోబెట్టినా అక్కడ నా చేతిలో అలా రాదు. కాస్ట్ ఫిల్మ్ అయితే హీట్ గన్‌తో సాగదీసి, చివరికి మరోసారి వేడి చేసి నిలబెట్టగలం. ఖర్చు తగ్గించడానికి క్యాలెండర్డ్ ఫిల్మ్ ఇస్తే అది క్రమంగా మొదటి ఆకారానికి ముడుచుకుంటుంది, హైదరాబాద్ ఎండకు గుంటల్లో లేచి బుడగ కడుతుంది. మాకప్ చేసేవారు ఆ గళ్లను ఎర్రగా గుర్తు పెట్టి అక్షరాలను వాటికి దూరంగా ఉంచితే మాకు మేలు.

స్లైడింగ్ డోర్‌కు మరో మాట. డోర్ తెరిస్తే అది వెనుక ప్యానెల్ మీదికి జరిగి అక్కడి రాతను మూసేస్తుంది. సరుకు దించే వేళ వీధిలో వాళ్లు చూసేది తెరిచిన డోర్‌నే. ఫోన్ నంబరు సగం డోర్ మీద, సగం ప్యానెల్ మీద వేసిన డిజైన్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

కిరాణా_రవాణా:
నమస్కారం అండి. నాకు టాటా ఏస్ ఉంది, వెనుక ఇనుప కంటైనర్. బండి మొత్తం రంగు మారేలా స్టిక్కర్ వేయిస్తే ఆర్సీలో మార్పించాలా? ఖైరతాబాద్ ఆఫీసుకు వెళ్లాలా?

వంపుగీత:
అన్నా, ఇక్కడి చర్చ మాకప్ గురించి. ఆర్సీలో రాసిన రంగే కనిపించకుండా పోతుందంటే అతికించే ముందే రవాణా కార్యాలయంలో అడిగి వేయించుకోవడం క్షేమం. అయితే మీ కంటైనర్‌కు గాడులు ఉన్నాయా, నున్నటి రేకా?

కిరాణా_రవాణా:
నిలువు గాడులు ఉన్నాయి. పైగా 600 మిల్లీమీటర్ల గుండ్రటి గుర్తు వేయాలని మా అబ్బాయి అంటున్నాడు.

బాలానగర్_స్టిక్కరింగ్:
అయితే టేపును గాడుల మీదుగా బిగించి ఒకసారి, గాడుల్లోకి నొక్కుతూ ఒకసారి కొలవండి.

కిరాణా_రవాణా:
కొలిచాను. బిగించినప్పుడు 1000 వచ్చిన చోట, నొక్కితే 1120 వచ్చింది.

వంపుగీత:
అంటే ఫిల్మ్‌ను గాడుల్లోకి దించితే 1120 మిల్లీమీటర్ల ముద్రణ ఎదుటి నుంచి 1000 లోనే ఇముడుతుంది. మీ 600 గుండ్రం అడ్డంగా సుమారు 536కి తగ్గి, నిలువుగా 600 ఉండి కోడిగుడ్డులా కనిపిస్తుంది. ముద్రణలోనే వెడల్పును 672 చేస్తే ఎదుటి నుంచి గుండ్రంగా వస్తుంది. మాకప్‌లో కూడా ఎదుటి దృశ్యంలో అంచు వంకరగా చూపించకూడదు, గాడుల నీడలు మాత్రమే రావాలి. మూల నుంచి తీసిన దృశ్యంలోనే అంచు రంపపు పళ్లలా విరుగుతుంది. గాడులు బాగా పెద్దవై, పెయింట్ పాతబడి మాసి ఉంటే గ్రాఫిక్_గచ్చిబౌలి గారి డిస్‌ప్లేస్‌మెంట్ ఇక్కడ కొంత పనికొస్తుంది, ఎందుకంటే పాత మాసిన పెయింట్ మీద వెలుతురు ఎక్కువగా ఆకారం వల్లనే మారుతుంది.

బాలానగర్_స్టిక్కరింగ్:
672 లెక్కతో నేను ఒప్పుకోను. రోడ్డు మీద బండిని సరిగ్గా ఎదురుగా చూసేవాళ్లు ఎందరు? వెనుక నుంచి ఏటవాలుగా చూస్తే గాడి గోడల్లో ఒకటి కనిపించదు, రెండోది విచ్చుకుంటుంది, అప్పుడు మీ 672 వల్ల గుర్తు ఇంకా వికారంగా ఉంటుంది. నేనైతే గాడుల మీద గుర్తు వద్దంటాను, నున్నటి రేకు ముక్కను రివిట్లతో బిగించి దాని మీద వేయమంటాను.

వంపుగీత:
రేకు ముక్క మంచి పరిష్కారమే. కానీ అది వద్దనే యజమానికి ఏ దృశ్యాన్ని లెక్కగా తీసుకోవాలన్నది నాకూ మీకూ కుదరని విషయం. ట్రాఫిక్‌లో పక్కన ఆగిన బండిని ఎదురుగానే చూస్తాం కదా.

రేఖాచిత్రం:
ఈ రోజు వ్యాన్ దగ్గరికి వెళ్లి గళ్లు వేశాను. డోర్ మీద పై మూడు వరుసలు బాగానే కలిశాయి. అడుగు వరుసలో హ్యాండిల్ వైపు ఒక్క గడి మాత్రం ఎంత సర్దినా మూల కలవలేదు, సరిగ్గా లోగో కింది అక్షరాల్లో చివరి రెండూ అక్కడే పడుతున్నాయి. లోగోను 60 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే ఆ గడి తప్పుతుంది, కానీ అప్పుడు లోగో డోర్ మధ్యలో ఉండదని యజమాని ఒప్పుకోవడం లేదు. రెండు చోట్లా వార్ప్ చేసి, సాగే అక్షరాలను సాగినట్టే చూపిస్తూ రేపు రెండు మాకప్‌లూ పంపుతున్నాను.