వద్దని రాసే ఉత్తరంలో ఎక్కడ చేరుతున్నామో చెప్పాలా?

నల్లమల: అమెరికాలో రెండు పీహెచ్‌డీ అడ్మిట్లు వచ్చాయి, రెండింటికీ ఫండింగ్ ఉంది. ఒకటి వదులుకోవాలి. అక్కడి మేడమ్ నాతో రెండుసార్లు జూమ్‌లో మాట్లాడారు. నా పని నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద, ముందు ముందు ఆవిడ సలహా కావాలి. ఉత్తరంలో కారణం, చేరే చోటు చెప్పాలా?

కోనసీమ కుర్రాడు: మెయిల్ ఎందుకు? పోర్టల్‌లో డిక్లైన్ నొక్కితే సరి. ఏప్రిల్ 15 దాకా టైముంది, 14న నొక్కు.

వంశధార: తేదీ సంగతి నిజమే తమ్ముడూ. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు, ఫండింగ్ ఆఫర్‌కి ఆలోపే జవాబు ఇవ్వాలని పట్టుబట్టకూడదు. కానీ ఆ గడువు ఇంకా తేల్చుకోనివాళ్ల కోసం. నేను పీహెచ్‌డీలో అడ్మిషన్ల కమిటీలో విద్యార్థుల తరఫున కూర్చున్నాను. 14 రాత్రి సీటు ఖాళీ అయితే, వెయిట్‌లిస్టులో ఉన్న మంచి పిల్లలు అప్పటికే ఇంకోచోట ఒప్పుకుని ఉంటారు. అది చూస్తే బాధేసేది.

నల్లమలా, చేరే చోటి నుంచి ఫండింగ్ లెటర్ చేతికొచ్చిందా? వస్తే ముందు మేడమ్‌కి రాసి, అదే రోజు పోర్టల్‌లో నొక్కు. పోర్టల్ జవాబు ఆఫీసుకు చేరుతుంది, ఆవిడకు వెంటనే తెలియకపోవచ్చు. ఇంగ్లీషులో ఈ వరసలో రాయి:

"ప్రొఫెసర్ గారికి, ఆఫర్ ఇచ్చినందుకు, సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. బాగా ఆలోచించి ఈ ఆఫర్‌ను వదులుకుంటున్నాను. భూగర్భజలాల మోడలింగ్ వైపు వెళ్లాలనుకోవడమే కారణం. వానలకు ముందూ తర్వాతా ఒకే బోరు నీళ్లు పరీక్షించమని మీరన్నారు, ఈ ఏడు అలాగే చేస్తున్నాను. ఫలితాలు వచ్చాక మీకు పంపవచ్చా?"

వదులుకుంటున్న మాట రెండో వాక్యంలోనే ఉంది చూడు. "ప్రస్తుతానికి కుదరడం లేదు" అని రాస్తే, ఇంకా బేరమాడుతున్నావేమో అనుకుని మళ్లీ ఫోన్ చేస్తారు. స్టైపెండ్ తక్కువని మాత్రం రాయకు. అది చాలాచోట్ల మేడమ్ చేతిలో ఉండదు.

తుంగభద్ర: నేనైతే వచ్చే ఏడు చేరతానని రాశాను, ఒప్పుకున్నారు. నువ్వూ అలా అడుగు.

వంశధార: అన్నా, అది డిఫరల్, సీటు అట్టిపెట్టమని అడగడం. చేరే ఉద్దేశం లేకుండా అడిగితే తర్వాత ఆవిడకు ఏ ముఖంతో రాస్తుంది?

కోనసీమ కుర్రాడు: సరే అక్కా, మెయిల్ రాయాలి. చేరే చోటు పేరు మాత్రం వద్దు, పోల్చినట్టుంటుంది.

వంశధార: నేను చెప్పమంటాను. ఆ రంగంలో అందరూ అందరికీ తెలుసు, సెప్టెంబరుకల్లా వెబ్‌సైట్‌లో ఫొటో కనిపిస్తుంది. నువ్వే చెబితే ఆ ల్యాబుతో కలిసి పనిచేసే దారి ఉందేమో ఆవిడే చెబుతారు.

కోనసీమ కుర్రాడు: అక్కడ ఆవిడకు పడనివాళ్లుంటే?

వంశధార: ఉండొచ్చు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లమల: ఫండింగ్ లెటర్ నిన్ననే వచ్చింది అక్కా. మెయిల్ ఈ రాత్రే పంపుతాను, కారణం రాస్తాను. పేరు ఇంకా తేల్చుకోలేదు. ఆవిడ అడిగితే దాచను.