కార్డు బ్లాక్ చేసినా నెలనెలా డబ్బులు పోతున్నాయి: తప్పు బ్యాంకుదా, మనదా?

గుణుపురం_శీను
నాన్నగారి డెబిట్ కార్డు రాయగడ బస్టాండులో పోయింది. అదే రోజు ఫోన్ చేసి బ్లాక్ చేయించాం. కొత్త నంబరుతో కొత్త కార్డు వచ్చింది. అయినా మేనకోడలి లెక్కల యాప్‌కి ప్రతి నెలా 5వ తేదీన 499 కట్ అవుతూనే ఉంది. ఆరు నెలలకి 2994. యాప్ ఎప్పుడో తీసేశాం. బ్యాంకులో అడిగితే "కంపెనీని అడగండి" అన్నారు, కంపెనీ ఫోన్ ఎత్తదు. కార్డే లేనప్పుడు డబ్బులు ఎలా పోతున్నాయి? ఎలా ఆపాలి?

పర్లాకిమిడి_బాబూరావు
శీనూ, ఇది నూటికి నూరు పాళ్ళు బ్యాంకు తప్పు. తాళం మార్చాక కూడా పాత తాళంచెవితో తలుపు తెరుచుకుంటే ఎవరిని అడగాలి? తాళం వేసినవాడినే కదా. మన అనుమతి లేని లావాదేవీ గురించి మూడు పని దినాల్లోపు చెబితే కస్టమర్ మీద పైసా భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఆ కాగితం తీసుకెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టు.

టెక్కలి_కుర్రోడు
ఖాతాలో జీరో బ్యాలెన్స్ పెట్టెయ్ అన్నా. వాళ్ళే విసిగిపోయి ఊరుకుంటారు.

రాయగడ_లక్ష్మి
శీనూ, పాస్‌బుక్‌లో ఆ 499 పక్కన ఏం అచ్చయింది? అది చూసి చెప్పు, మిగతాది తర్వాత.

జీరో బ్యాలెన్స్ సలహా మాత్రం వద్దు తమ్ముడూ. డబ్బు లేక వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ బ్యాంకు రిటర్న్ ఛార్జీ వేస్తుంది, దాని మీద జీఎస్టీ. 499 ఆపబోయి అంతకంటే ఎక్కువ వదిలించుకున్నవాళ్ళని చూశాను. పైగా అది నాన్నగారి పెన్షన్ ఖాతా అయితే పెన్షన్ ఎక్కడ దాచుకుంటారు?

గుణుపురం_శీను
పెన్షన్ ఖాతానే అక్కా. పాస్‌బుక్‌లో ACH DR అని, తర్వాత కంపెనీ పేరులో సగం, తర్వాత పొడుగాటి నంబరు.

రాయగడ_లక్ష్మి
ఆ ACH అన్న మూడక్షరాల్లోనే సంగతంతా ఉంది. అంటే కంపెనీ అడిగితే బ్యాంకు నేరుగా ఖాతాలోంచి డబ్బు తీసిచ్చే ఏర్పాటు, దాన్నే NACH అని కూడా అంటారు. నేను పదకొండేళ్ళు బ్యాంకు వెనక గదిలో ఈ ఫైళ్ళతోనే పనిచేశాను, ఇప్పుడు మానేశాను.

ఈ డబ్బు కార్డు దారిలో పోవడం లేదు, ఖాతా దారిలో పోతోంది. యాప్‌లో చేరిన రోజు నాన్నగారు కార్డు నంబరు, పిన్ లేదా ఓటీపీ కొట్టి ఉంటారు. అది డబ్బు కట్టడానికి కాదు, "ఈ ఖాతా నాదే, నెలనెలా తీసుకోండి" అని ఒప్పుకోవడానికి. సంతకం బదులు కార్డు వాడారన్నమాట. ఆ క్షణం నుంచి నడిచేది ఖాతా నంబరు, దాని మీద పుట్టిన మాండేటు. ఆ మాండేటుకి UMRN అని ఇరవై అక్షరాల గుర్తు ఉంటుంది. కార్డు పోయినా, గడువు తీరినా, కొత్తది వచ్చినా దానికి సంబంధం లేదు. సంతకం పెట్టిన పెన్ను పారేస్తే సంతకం చెరిగిపోతుందా?

యూపీఐ ఆటోపే కూడా అంతే, కార్డు ఊసే ఉండదు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా మాండేటు బతికే ఉంటుంది. యూపీఐ యాప్‌లో Autopay అన్న చోటికి వెళ్ళి రద్దు చేయాలి. నీది అది కాదు గనక ఇక్కడికి ఆపుతాను.

పర్లాకిమిడి_బాబూరావు
పెన్ను కథలు బాగానే ఉన్నాయమ్మా. నా క్రెడిట్ కార్డు సంగతి వినండి. గడువు తీరింది, కొత్త కార్డు వచ్చింది. వీడియో యాప్‌లో నేను కొత్త నంబరు ఎక్కడా కొట్టలేదు. అయినా మరుసటి నెల కట్ అయింది. అక్కడ ఏ ఖాతా దారీ లేదు, ఉన్నది కార్డే. అంటే బ్యాంకే నా కొత్త కార్డు వివరాలు వాళ్ళకి అందించింది. ఔనా కాదా?

రాయగడ_లక్ష్మి
బాబూరావు గారూ, మీ కేసులో మీ అనుమానం సగం నిజం. 2022 అక్టోబరు నుంచి మన దేశంలో దుకాణాలు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంటుంది. టోకెన్ నంబరు మారదు, దాని వెనక ఉన్న కార్డుని మాత్రం మార్చవచ్చు. అందుకే మీరు ఏమీ కొట్టకుండానే నడిచింది. విదేశాల్లో అయితే కొత్త నంబరుని దుకాణాలకి చేరవేసే ఏర్పాటు వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ మాత్రం కార్డు మారినప్పుడు పాత దుకాణాలకి కొత్త కార్డు కలపాలంటే బ్యాంకు మిమ్మల్ని స్పష్టంగా అడగాలని 2021 నిబంధన. మిమ్మల్ని అడిగారా?

పర్లాకిమిడి_బాబూరావు
కార్డు యాక్టివేట్ చేసేటప్పుడు ఏవో నాలుగైదు టిక్కులు పెట్టమంది. పెట్టాను. దాన్ని అడగడం అంటారా?

రాయగడ_లక్ష్మి
అది స్పష్టంగా అడగడం అవునో కాదో నాతో కాదు, బ్యాంకుతో తేల్చుకోండి. కానీ శీనుది ఆ దారి కాదు. కార్డు మీద మాండేటు అయితే బ్యాంకు యాప్‌లో రద్దు చేసుకోవచ్చు, కనీసం 24 గంటల ముందు కబురు రావాలి, మామూలుగా 15,000 లోపు అయితేనే ఓటీపీ లేకుండా పోతుంది. ఆ నిబంధనలు కార్డుకి, వాలెట్‌కి, యూపీఐకి. ACH లెక్క వేరు.

సిరొంచ_మల్లేశ్
అక్కా, నేనూ ఒకసారి బ్యాంకుకెళ్ళి మాండేటు రద్దు చేయించాను. కోచింగ్‌ది, నెలకి 3200. అంతే, రెండో నెల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా బావమరిదికి కూడా ఫోన్ చేశారు. సిబిల్ స్కోరు పడిపోయింది, ఇప్పుడు బండి లోను రావడం లేదు. కాబట్టి శీను, మాండేటు జోలికి పోవద్దు!

రాయగడ_లక్ష్మి
మల్లేశ్, నీది ఫీజు కాదు, అప్పు. కోచింగ్ వాళ్ళు "నెలవారీ ఫీజు" అని చెప్పి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర నీ పేరు మీద లోను తీసి ఉంటారు. పాస్‌బుక్‌లో కోచింగ్ పేరు బదులు ఫైనాన్స్ పేరు ఉందా, చూడు. ఖాతా దారిని మూసినంత మాత్రాన ఒప్పందం రద్దవదు.

అందుకే శీనూ, నువ్వు ముందు చేయాల్సింది ఇదే. చేరిన రోజు వచ్చిన మెయిల్ వెతుకు. అందులో లోను, ఈఎంఐ, రుణ ఒప్పందం అన్న మాటలు ఉంటే ఆగు, మళ్ళీ ఇక్కడ రాయి.

గుణుపురం_శీను
మెయిల్ దొరికింది. లోను మాట ఎక్కడా లేదు. "ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు" అని ఉంది. నాన్నగారికి నెట్ బ్యాంకింగ్ లేదు, బ్రాంచిలో ఒడియాలో మాట్లాడతారు, నాకు అంతంత మాత్రం.

రాయగడ_లక్ష్మి
అయితే రెండు పనులు, ఈ వరసలోనే చేయి.

మొదట కంపెనీకి నాన్నగారి మెయిల్ నుంచే "చందా ఈ రోజుతో రద్దు, మాండేటు కూడా రద్దు చేయండి" అని రెండు వాక్యాలు పంపు. ఫోన్ ఎత్తకపోయినా రాతలో సాక్ష్యం ఉంటుంది. తర్వాత బ్రాంచికి నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్ళు. తెల్లకాగితం మీద ఖాతా నంబరు, కంపెనీ పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే, 499, చివరిసారి కట్ అయిన తేదీ రాసి, "ఈ NACH మాండేటుని రద్దు చేయగలరు" అని రాయించు. UMRN దొరక్కపోతే కంప్యూటర్‌లో చూసి చెప్పమని అడుగు, ఖాతా తెరిస్తే మాండేట్ల జాబితా వాళ్ళకి కనిపిస్తుంది. రెండు కాపీలు తీసుకెళ్ళు, ఒక దాని మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర లేకుండా బయటికి రావద్దు. "కంపెనీని అడగండి" అంటే, ఖాతాదారుగా రద్దు కోరే హక్కు మాకుంది, రాసివ్వండి అను. ఇంగ్లీషులో రాసిన కాగితం చేతిలో ఉంటే ఒడియా అంతగా అక్కర్లేదు.

5వ తేదీకి వారం ముందే వెళ్ళు. ఆ రోజు పొద్దున్నే కట్ చేయాల్సినవాటి ఫైలు బ్యాంకుకి వచ్చేస్తుంది, మధ్యాహ్నం వెళ్తే ఆ నెలది పోయినట్టే.

టెక్కలి_కుర్రోడు
ఇంత తతంగమా! 499కి.

పర్లాకిమిడి_బాబూరావు
అదే నేనంటున్నది! కంపెనీ చేరేటప్పుడు అర నిమిషం, ఆపేటప్పుడు ముద్రలు, కాపీలు, క్యూలు. లక్ష్మి గారూ, మీరు పదకొండేళ్ళు ఆ గదిలో కూర్చున్నారు కాబట్టి ఇదంతా మీకు సహజంగా కనిపిస్తోంది. బ్యాంకువాళ్ళంతా ఇంతే, తప్పు ఎప్పుడూ కౌంటర్ ఇవతల ఉన్నవాడిదే.

రాయగడ_లక్ష్మి
నేను తప్పు శీను నాన్నగారిదని ఎక్కడన్నాను? ఒక్క మాట చూపించండి. నేను చెప్పింది దారి. మీరు మొదటి రోజు నుంచీ "కార్డు, కార్డు" అని పట్టుకున్నారు. ఆ 2017 కాగితం మేనేజర్ బల్ల మీద పెడితే ఆయన ఒక్క మాటతో పంపించేస్తాడు: ఇది అనుమతి లేని లావాదేవీ కాదు, మీరే ఒప్పుకున్నారు అని. శీను ఇంకో నెల నష్టపోతాడు.

పర్లాకిమిడి_బాబూరావు
ఒప్పుకున్నారు, ఒప్పుకున్నారు! మా అమ్మకి చదువు రాదమ్మా. భజనల యాప్ అని ఎవరో పిల్లాడు ఆవిడ చేత ఓటీపీ కొట్టించాడు. పద్నాలుగు నెలలు పోయింది, నెలకి 199. నేను కార్డు బ్లాక్ చేయించి "ఇంక భయం లేదమ్మా" అని చెప్పాను. నా మాట నమ్మింది. తర్వాత కూడా ఐదు నెలలు పోయింది. కార్డు బ్లాక్ చేయమనడం అంటే మనిషి "ఇంక వద్దు" అనడమే. అది మీ కంప్యూటర్‌కి ఎందుకు అర్థం కాదు?

రాయగడ_లక్ష్మి
అమ్మగారి సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

చూడండి, మీ మాటలో ఒకటి ఒప్పుకుంటాను. బ్లాక్ చేసే ఫోన్‌లోనే "మీ ఖాతా మీద ఈ మాండేట్లు ఇంకా నడుస్తున్నాయి, ఉంచాలా?" అని అడగొచ్చు. జాబితా వాళ్ళ దగ్గరే ఉంది, అడగరు. అది నిజంగా లోపమే. కానీ కార్డుతో పాటు అన్నీ వాటంతటవే ఆగిపోవాలంటే నేను ఒప్పుకోను. జేబులోంచి కార్డు పడిపోయిన ప్రతివాడి బీమా ప్రీమియం ఆగిపోతుంది, ఇంటి లోను కిస్తీ తప్పుతుంది. పాలసీ లాప్స్ అయి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళని కూడా ఆ గదిలోనే చూశాను.

పర్లాకిమిడి_బాబూరావు
బీమా వేరు, భజన యాప్ వేరు. ఆ తేడా తెలియనట్టు నటించకండి.

రాయగడ_లక్ష్మి
ఫైల్లో రెండూ ఒకే వరసలో వస్తాయండీ. ఆ తేడా ఎవరు పెట్టాలి అన్నదే ప్రశ్న.

సిరొంచ_మల్లేశ్
అక్కా, చూశాను. ఫైనాన్స్ పేరే ఉంది. నాకెవరూ చెప్పలేదు.

గుణుపురం_శీను
అప్‌డేట్. 27న నాన్నగారితో వెళ్ళాను. క్లర్కు ముందు కాదన్నాడు, కాగితం చూసి లోపలికి తీసుకెళ్ళాడు. ఖాతా మీద రెండు మాండేట్లు ఉన్నాయట, ఒకటి బీమాది. అది ఉంచి, 499ది రద్దు చేశారు. ముద్ర వేయించుకున్నాను. 5వ తేదీ పోయింది, 6న పాస్‌బుక్ వేయించాం, కట్ కాలేదు.

పోయిన 2994 గురించి బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెడతాను. బాబూరావు గారు వస్తుందంటున్నారు, లక్ష్మక్క మాట్లాడటం లేదు.

రాయగడ_లక్ష్మి
మాట్లాడకపోవడం కాదు. రద్దు అడిగాక పోయినదైతే గట్టిగా అడగొచ్చు. నువ్వు రాతలో అడిగింది 27న. అంతకు ముందుది కంపెనీ దయ మీద ఉంది, అందుకే ఆశ పెట్టలేదు.

పర్లాకిమిడి_బాబూరావు
కార్డు బ్లాక్ చేసిన తేదీ నుంచి లెక్క అడుగు శీనూ. వెనక్కి తగ్గకు.

టెక్కలి_కుర్రోడు
ఊరికే నా ఫోన్‌లో Autopay తెరిచి చూశాను. మూడు నడుస్తున్నాయి. ఒకటి ఎవరిదో నాకే తెలీదు.