దుబాయ్ ఆఫర్‌లో 12,000 అంటే చేతికి ఎంత?

కందుకూరు తమ్ముడు: అన్నలూ అక్కలూ, విజిట్ వీసా మీద వచ్చి నెల కాకముందే సేల్స్‌లో ఆఫర్ వచ్చింది. ఫోన్లో రిక్రూటర్ నెలకు 12,000 దిర్హాములన్నాడు. మెయిల్లో చూస్తే బేసిక్ 4,000, ఇంటికి 3,500, రవాణాకు 1,500, వేరియబుల్ "3,000 వరకు" అని ఉంది. ఒప్పుకోవచ్చా?

కావలి: ఇక్కడ జీతం మీద ట్యాక్స్ లేదబ్బా, 12,000 అంటే 12,000 వచ్చినట్టే. ఇంకేంది ఆలోచన, సంతకం పెట్టెయ్.

ఒంగోలు అక్క (హెచ్ఆర్‌లో పని): ట్యాక్స్ లేని మాట నిజమే, కానీ ఖాయంగా వచ్చేది 9,000. ఆ "వరకు" అన్న మాట చూశావా తమ్ముడూ, సున్నా వచ్చినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. ఇంటి అద్దె, ఊరికి పంపే డబ్బు 9,000 మీదే లెక్కేసుకో. అంతకంటే ముఖ్యం బేసిక్. వెళ్లిపోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు, ఏడాది నిండితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. 4,000ని 30తో భాగించి 21తో గుణిస్తే 2,800. అదే 9,000లో బేసిక్ 6,000 ఉంటే 4,200 అయ్యేది. నెల జీతం మారదు, కంపెనీకి మాత్రం ఏడాదికి 1,400 మిగులుతుంది, అందుకే బేసిక్ తక్కువ చూపిస్తారు.

గూడూరు (డల్లాస్): మాకు జాయినింగ్ బోనస్ ఇచ్చి, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమన్నారు, అదీ చూసుకో.

ఒంగోలు అక్క: అతనికి జాయినింగ్ బోనసే లేదు కదా! తమ్ముడూ, ఫోన్లో వద్దు, మెయిల్లోనే అడుగు. లేబర్ కాంట్రాక్టులో బేసిక్ ఎంత రాస్తారు, వేరియబుల్ దేనిమీద లెక్క, నెలకా మూడు నెలలకా, ప్రొబేషన్లో ఇస్తారా, ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్లకు మామూలుగా ఎంత వస్తోంది. ఇన్సూరెన్స్ నీకేనా, ఇంట్లోవాళ్లకు కూడానా, ఏటా ఊరికి టికెట్ ఇస్తారా అనేది కూడా. వీసా ఖర్చు నీ జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు, చట్టప్రకారం అది యజమానిదే.

కావలి: ఇన్ని అడిగితే ఆఫరే పోతుందేమో అక్కా.

ఒంగోలు అక్క: మర్యాదగా ఒక మెయిల్ పెడితే పోయే ఆఫరైతే, అందులో ఏదో దాస్తున్నట్టే అనుకుంటా నేను.

కందుకూరు తమ్ముడు: అడిగాను. బేసిక్ 5,000 చేసి, ఇంటి అలవెన్స్ 2,500కి తగ్గించారు. టికెట్ రెండేళ్లకోసారంట. వేరియబుల్ గురించి మాత్రం "మేనేజర్ చెప్తారు" అని ఊరుకున్నారు.

ఒంగోలు అక్క: అయితే మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకో. ఇవ్వకపోతే 9,000 ఉద్యోగంగానే చూసి, సరిపోతుందో లేదో నువ్వే తేల్చుకో.